వార్షిక నివేదిక: ఈ ఏడాది మన అపార్ట్‌మెంట్ బాలింతలకు చేసిన సాయం

సభ్యులందరికీ నమస్తే.

నీళ్ల ట్యాంకర్లు, లిఫ్టు మరమ్మతు, వినాయక చవితి జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి, వాటి సంగతి కోశాధికారి గారు సమావేశంలో చెప్తారు. ఇక్కడ ఒక్క పని గురించే రాస్తున్నాను. ఎందుకంటే పోయిన మీటింగులో "సంఘం తరఫున ఎవరింటికో క్యారియర్లు పంపడం ఏమిటండీ, మనది క్యాటరింగా" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

వానాకాలంలో మన దగ్గర ఒకమ్మాయికి సిజేరియన్ కాన్పయింది, రెండో బిడ్డ. సాయానికి వచ్చిన వాళ్లమ్మ నెల తిరక్కుండానే ఊరెళ్లిపోవాల్సి వచ్చింది, అక్కడ వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోలేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, లేస్తే కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. ఆ అమ్మాయి వాళ్లాయనది ప్రైవేటు ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే తండ్రికి 15 రోజుల సెలవుంది గానీ ప్రైవేటు కంపెనీ అంత ఇచ్చి తీరాలని చట్టం లేదు, వాళ్లు ఎంతిస్తే అంతే. ఒక రాత్రి రెండింటికి ఆ అమ్మాయి మన వాట్సాప్ గ్రూపులో పాప అస్తమానం ఏడుస్తోంది, ఎవరైనా మెలకువగా ఉన్నారా అని పెట్టింది. తెల్లారేసరికి చాంతాడంత సలహాలు. వాము నీళ్లు పట్టమని ఒకరు, బొడ్డు చుట్టూ ఇంగువ రాయమని ఒకరు, దిష్టి తీయమని ఒకరు, పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అని చాలామంది, మా రోజుల్లో నలుగుర్ని కని పొలం కూడా వెళ్లాం అని ఒక పెద్దావిడ. పొద్దున ఎనిమిదింటికి ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది.

ఆ రోజే పక్క బ్లాకులో ఉండే స్నేహితురాలు ఆమెకి విడిగా ఒక మెసేజ్ పెట్టింది. మన పనంతా దాంట్లోంచే పుట్టింది కాబట్టి, ఇద్దరినీ అడిగి, పేర్లు తీసేసి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"ఏమే, గ్రూపులోంచి వెళ్లిపోయావని చూశా. మంచి పని చేశావ్. దీనికి జవాబు రాయక్కర్లేదు. రేపట్నుంచి నేను చేసేవి చెప్తున్నా, ఏదైనా ఇష్టం లేకపోతే వద్దు అని ఒక్క ముక్క పెట్టు, చాలు.

పదకొండున్నరకి మీ చెప్పుల స్టాండు మీద క్యారియర్ పెట్టి వెళ్తా. బెల్ కొట్టను. రేపు బీరకాయ పెసరపప్పు, వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. మీ అత్తగారు బాలింతకి వంకాయ, గుమ్మడికాయ పెట్టనివ్వరని తెలుసు, అవి వండను, ఆ వాదన ఇప్పుడు మనకెందుకు. గిన్నెలు కడగొద్దు, ఎంగిలివి అలాగే బయట పెట్టేయ్.

పెద్దోణ్ణి బస్సెక్కించడం, దించుకోవడం నాది. సాయంత్రం మావాడితో పాటు మా ఇంట్లోనే హోంవర్క్ చేయించి, అన్నం పెట్టి పంపిస్తా. వాడు మాత్రం ముందు నీ దగ్గరికొచ్చి చెల్లిని చూసి వస్తాడు, లేకపోతే తనని బయటికి పంపేశారనుకుంటాడు.

మధ్యాహ్నం పాలిచ్చి త్రేన్పు వచ్చాక మిస్డ్ కాల్ ఇవ్వు. వచ్చి పాపని హాల్లోకి ఎత్తుకెళ్తా, నువ్వు గది తలుపేసుకో. నిద్ర వస్తే పడుకో, రాకపోతే తలస్నానం చెయ్, ఊరికే ఫ్యాన్ చూస్తూ పడుకున్నా పర్లేదు. ఆకలికి ఏడిస్తేనే లేపుతా. కబుర్లకి రావట్లేదు, కాఫీ పెట్టకు. ఇల్లు ఎలా ఉందో చూడను, మా ఇల్లు నువ్వు చూడలేదా ఏంటి.

ఆరో వారం టీకాలకి మీ ఆయనకి సెలవు దొరక్కపోతే నేనొస్తా. పాప నీది, సంచీ ఫైలు ఆటో నావి.

పాలు సరిపోతున్నాయా, పిల్ల ఎందుకు సన్నగా ఉంది, ఇవేమీ అడగను. ఏడుపొస్తే ఏడువు. నేను పాపని ఆడిస్తుంటా."

ఇందులో "ఏదైనా కావాలంటే చెప్పు" అన్న మాట ఎక్కడా లేదు, చూశారా. మనందరం మంచి మనసుతోనే అంటాం ఆ మాట. కానీ నిద్రలేని మనిషి ముందు తనకేం కావాలో ఆలోచించాలి, అది ఎవర్ని అడగొచ్చో చూసుకోవాలి, మొహమాటం చంపుకుని నోరు తెరిచి అడగాలి. ఇంకో పని నెత్తిన పెట్టినట్టే. అందుకే ఎక్కువమంది "ఏం లేదండీ, బాగానే ఉన్నాం" అనేస్తారు. ఏం చేస్తామో, ఎన్ని గంటలకు చేస్తామో మనమే చెప్పేస్తే వాళ్లకి మిగిలేది వద్దనడం ఒక్కటే. ఆ అమ్మాయి మెసేజ్‌కి జవాబు పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ క్యారియర్ మాత్రం స్టాండు మీద ఉంది.

అందులో మిస్డ్ కాల్ సంగతి చాలా తెలివైనది, అది ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. పుట్టిన కొత్తలో తల్లిపాలు తాగే పిల్లలు రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతారు. ఒక్కోసారి పాలివ్వడానికి అరగంటో నలభై నిమిషాలో పడుతుంది, ఆ తర్వాత త్రేన్పు తెప్పించాలి, తడి గుడ్డలు మార్చాలి, జోకొట్టాలి. ఇవన్నీ అయ్యాక మళ్లీ ఆకలేసే లోపు తల్లికి మిగిలేది గంటో గంటన్నరో, అందులోనే ఆమె తిండి, స్నానం. పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అనే సలహా ఇక్కడే చతికిలబడుతుంది. సాయం చేసేవాళ్లు మూడింటికి వస్తామని గడియారం చూసుకుని వస్తే, సరిగ్గా అప్పుడే పాప పాలకి లేస్తుంది, వచ్చినవాళ్లు సోఫాలో కూర్చుని ఎదురు చూస్తారు, ఆ తల్లి వాళ్లకి కాఫీ పెడుతుంది. పాలు తాగిన వెంటనే వచ్చి ఎత్తుకుంటే ఆ వ్యవధి మొత్తం తల్లిదే అవుతుంది. త్రేన్పు, గుడ్డలు, జోకొట్టడం అన్నీ వచ్చినవాళ్లే చూసుకుంటారు కాబట్టి.

తర్వాత కాన్పైన ఇళ్లకీ ఇదే పద్ధతి పెట్టాం. వంట ఖర్చు ఎవరిది వాళ్లదే, సంఘం డబ్బు స్టీలు క్యారియర్లు కొనడానికి తప్ప దేనికీ వాడలేదు. బిల్లు ఫైల్లో ఉంది.

అన్నీ సాఫీగా జరగలేదు. మొదట్లో పేర్లు రాసుకునే కాగితం లేకపోవడంతో ఒకే రోజు మూడిళ్ల నుంచి సొరకాయ కూర వెళ్లింది, దసరా వారంలో ఒక్కరూ పంపలేదు. ఇప్పుడు కాగితం లిఫ్టు పక్కన ఉంటోంది, ఏ రోజు ఎవరో, ఏం కూరో ముందే రాసేస్తున్నారు. ఇంకో ఇంట్లో పాపని చూడ్డానికని వెళ్లినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పథ్యం చెప్పి, మెంతులు మంచివా కావా అని అక్కడే వాదించుకున్నారు. ఆ ఇంటి పథ్యం ఆ ఇంటిది. ఒక్కసారి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో అడిగి కాగితం మీద రాసుకోండి, అలాగే వండండి. జలుబు, దగ్గు ఉంటే క్యారియర్ బయట పెట్టి వచ్చేయండి, పసిబిడ్డని ఎత్తుకోవద్దు. సిజేరియన్ అయినవాళ్లు కొన్ని వారాలు బిడ్డ కంటే బరువున్నవేవీ ఎత్తకూడదని డాక్టర్లు చెప్తారు కాబట్టి వాటర్ క్యాన్, బియ్యం బస్తా లాంటివి వాచ్‌మన్ నేరుగా వంటింటి దాకా పెట్టేట్టు మాట్లాడాం. వింటే చిన్న పనే. ముగ్గురు తల్లులూ ఎక్కువగా తల్చుకున్నది మాత్రం దీన్నే.

ఇక క్యారియర్లతో తీరని సంగతి ఒకటి ఉంది. కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఆ స్నేహితురాలు రోజూ వెళ్తుంది కాబట్టి గమనించింది: ఐదో వారం వచ్చినా తగ్గలేదు. పాప హాల్లో హాయిగా పడుకున్నా ఈ అమ్మాయికి లోపల కన్ను మూతపడట్లేదు. ఇష్టమైన గోంగూర పచ్చడి పంపినా గిన్నె అలాగే తిరిగొస్తోంది. "నేను లేకపోతే దీనికి ఇంకా మంచి అమ్మ దొరికేదేమో" అని ఒక రోజు మామూలుగా, కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆ మాట విన్నాక స్నేహితురాలు ధైర్యాలు చెప్తూ కూర్చోలేదు. చచ్చిపోవాలని గానీ, బిడ్డని ఏమైనా చెయ్యాలని గానీ అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్లు ఉంటారు, పుట్టదు. అలాంటిదేమీ లేదంది. అయినా ఆ సాయంత్రం ఒంటరిగా వదల్లేదు. వాళ్లాయన్ని పిలిచి కూర్చోబెట్టి విషయం చెప్పింది, మర్నాడు కాన్పు చేసిన డాక్టరు దగ్గరికి తనే వెంట వెళ్లింది. ఆవిడ పది ప్రశ్నల కాగితం ఒకటి నింపించి, సైకియాట్రిస్టు దగ్గరికి రాసిచ్చారు. మందులు వాడితే పాలు మాన్పించాలేమో అన్నదే ఈ అమ్మాయి టెన్షన్. పాలిస్తూ వాడదగ్గవి ఉన్నాయని డాక్టరు చూసి ఇచ్చారు. తేరుకోవడానికి నెలలు పట్టింది, అన్నాళ్లూ క్యారియర్ ఆగలేదు.

మీరు వెళ్లిన ఇంట్లో ఇలాంటివి కనిపిస్తే మీ చేతనైన వైద్యం చెయ్యకండి, ఇంటివాళ్లకి చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రాణం తీసుకునే ఆలోచన ఉందంటే, లేనిపోనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అంటే రేపటిదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి. ఎవరితో మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఎప్పుడు చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు కూడా లిఫ్టు పక్కన కాగితం మీదే రాయించాం.

సంక్రాంతి వెళ్లాక రెండో అంతస్తులో ఒక కాన్పు ఉంది. వాళ్లు కారం తక్కువ తింటారు, ఉల్లి వెల్లుల్లి తింటారు, గుడ్డు తినరు. కాగితంలో సోమవారం, గురువారం మధ్యాహ్నాలు, శనివారం స్కూల్ బస్సు ఖాళీగా ఉన్నాయి. పేరు రాసేవాళ్లు ఫ్లాటు నంబరు కూడా రాయండి, పోయినసారి రెండు క్యారియర్లు ఎవరివో తెలియక ఇప్పటికీ వాచ్‌మన్ గదిలోనే ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి