ఆ మందూ ఈ మందూ

సంపాదకుడు గారికి,

పదిరోజుల కిందట మీ జిల్లా పేజీలో అడుగున నాలుగు లైన్ల వార్త ఒకటి వేశారు. మద్యం మత్తులో రోడ్డు పక్కన పడిపోయి ఒకాయన చనిపోయాడని. జేబులో కొంత డబ్బు, సెల్‌ఫోన్, సగం స్ట్రిప్ షుగర్ మాత్రలు దొరికాయని కూడా మీరే రాశారు. ఏం మాత్రలో రాయలేదు, అసలు ఆయన షుగర్ ఎవరైనా చూశారో లేదో అదీ రాయలేదు. తాగినవాడు, పడ్డాడు, పోయాడు, ఫైలు మూసేశారు. షుగర్ పడిపోవడం వల్లే పోయాడని నేను అనడం లేదు, నాకెలా తెలుస్తుంది? కానీ ఇచ్ఛాపురం దగ్గర ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నవాణ్ణి, పైగా మా ఇంట్లోనే ఇలాంటిది జరిగింది కాబట్టి ఆ వార్త చదివాక ఊరుకోలేకపోయాను.

మా బావ సంగతి చెప్తాను. వయసు యాభై ఎనిమిది, కొబ్బరికాయల వ్యాపారం, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి. సరిహద్దు దాటి గంజాం జిల్లాలో చుట్టాల పెళ్లికి వెళ్లాడు. అన్నానికి ముందు వేసుకోమన్నారు కదా అని ఏడింటికే మాత్ర వేసుకున్నాడు. ఆ తర్వాత బ్యాచ్‌తో కూర్చుని పదిన్నర దాకా తాగాడు. మధ్యలో నాలుగు వేరుశెనగ పలుకులు, అంతే. ‘మందు తాగాం కదా, అన్నం మానేస్తే షుగర్ సరిపోద్ది’ అని ఆయన లెక్క. ఈ లెక్క మా షాపు దగ్గర రోజూ వింటాను. ఇంకొందరు మరీ తెలివైనవాళ్లు, తాగిన రోజు షుగర్ పెరుగుతుందని మాత్ర ఒకటి ఎక్కువ వేసుకుంటారు.

తెల్లవారుజామున మూడింటికి చొక్కా, తలగడ తడిసేలా చల్లటి చెమట. ఏదో గొణిగాడు, అక్క చెయ్యి విసిరికొట్టాడు. అక్క నాకు ఫోన్ కూడా చేయలేదు, ‘తాగొచ్చి వాగుతున్నాడు, పొద్దున్నకి దిగిపోద్ది’ అనుకుని పడుకుంది. ఐదింటికి గురక పెడుతున్నాడు, లేపితే లేవలేదు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న ఆయన దగ్గరికి కూడా రాకుండా వాసన చూసి ‘మత్తు దిగాక లేస్తాడు, తీసుకెళ్లండి’ అన్నాడు. నేను గొడవ పెట్టుకుని, నా బ్యాగులో ఉన్న గ్లూకోమీటర్‌తో నేనే వేలు గుచ్చాను. 34 వచ్చింది. 70 కంటే తగ్గితేనే తక్కువ అంటాం, 54 కిందకి వెళ్తే ప్రమాదం. 34 చూశాక అప్పుడు పరిగెత్తారు. 25 శాతం గ్లూకోజ్ వంద మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లో కళ్లు తెరిచి ‘పెళ్లి అయిపోయిందా’ అని అడిగాడు మహానుభావుడు.

ఎందుకిలా అవుతుందో ఏ బోర్డు మీదా రాయరు కాబట్టి నేను రాస్తాను. మనం నిద్రపోతున్నప్పుడు రక్తంలో షుగర్ పడిపోకుండా లివర్ కాస్త కాస్త గ్లూకోజ్ వదులుతూ ఉంటుంది. ముందు తన దగ్గర నిల్వ ఉన్నది తీస్తుంది, అది తరిగేకొద్దీ కొత్తగా తయారు చేస్తుంది. మద్యం పడిందంటే లివర్ దాన్ని విరగ్గొట్టే పనిలో పడి ఆ తయారీ దాదాపు ఆపేస్తుంది. అన్నం తిననివాడికి నిల్వా తక్కువే. ఇటు గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్ పిండుతూనే ఉంటాయి. ఇన్సులిన్ సూదులు వాడేవాళ్లకూ ఇదే గండం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు సాధారణంగా షుగర్ ఇంతగా పడిపోదు. బాగా తాగేవాళ్లకు దానితో ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పేరుకునే ప్రమాదం ఉంది, అది వేరే కథ.

ఇందులో మోసం ఏమిటంటే తాగుతున్నప్పుడు ఏమీ కాదు. కూల్‌డ్రింక్ కలుపుకున్నవాడికి అప్పటికి షుగర్ పెరుగుతుంది కూడా. దెబ్బ తగిలేది గంటల తర్వాత, నిద్రలో, ఒక్కోసారి మర్నాడు పొద్దున. అప్పుడు వచ్చే తడబాటు, ముద్దమాట, కోపం, మగత అన్నీ తాగినవాడి లక్షణాలే. వాసన ఉన్నంత మాత్రాన షుగర్ పడిపోలేదని కాదు, వేలు గుచ్చితే తప్ప తేడా తెలియదు. షుగర్ చూసే ఆ స్ట్రిప్ ఖరీదు వాళ్లు తాగేదానితో పోలిస్తే ఎంతో కాదు. అదైనా పెట్టరు మన ఆసుపత్రుల్లో, ఉంటే మీటర్‌లో బ్యాటరీ ఉండదు.

బావ కథ అక్కడితో అయిపోలేదు. తొమ్మిదింటికే ఇంటికి పంపేశారు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ చెమటలు, చూస్తే 52. ఈ మాత్రల ప్రభావం పోయేదాకా షుగర్ మళ్లీ మళ్లీ పడుతుంది, అందుకే ఒక రోజైనా ఉంచుకుని చూడాలి. రెండోసారి బరంపురంలో చేర్పించాం. అక్కడ రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3 అని, అంటే ఎక్కువగా ఉందని తేలింది. కిడ్నీ దెబ్బతింటే ఈ మాత్ర ఒంట్లోంచి త్వరగా పోదు. ఉద్దానం పక్కనే పెట్టుకుని, కవిటి, సోంపేట, కంచిలి నుంచి డయాలసిస్‌కి వెళ్లేవాళ్లను రోజూ చూస్తూ, ఇక్కడి షుగర్ పేషెంటుకి క్రియాటినిన్ చూడకుండా ఏళ్లకి ఏళ్లు అదే చీటీ తిరగరాస్తారు. పై నుంచి మంత్రులు వస్తే మాత్రం రిబ్బన్లు, ఫొటోలు. బావ వాడే మాత్రని బరంపురం డాక్టరు మార్చారు.

తప్పు మా షాపుల వాళ్లదీ ఉంది, దాచను. పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగు కావాలంటే కత్తిరించి ఇస్తాం. మందు పేరున్న ముక్క మా దగ్గరే ఉండిపోతుంది. రేపు ఆయన రోడ్డు మీద పడితే జేబులోది గుండె మాత్రో షుగర్ మాత్రో ఎవరికీ తెలియదు. పేరు ఉన్నా అంత చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, ఇటు తెలుగు లేదు, అటు ఒడియా లేదు. వైన్ షాపు బోర్డు మీద మాత్రం ‘ఆరోగ్యానికి హానికరం’ అని పెద్ద అక్షరాలు. ఏ ఆరోగ్యానికి, ఎలా హానికరమో అడగొద్దు. ఇక అటు కొండల నుంచి వచ్చే నాటుసారా ఎంత ఘాటో పోసేవాడికే తెలియదు, డాక్టరు ‘ఒకటి రెండు పెగ్గులు’ అని లెక్క చెప్తే దానికేం వర్తిస్తుంది?

మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటకి మళ్లీ చూడండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చేసి ‘షుగర్ పేషెంటు’ అని ముందే చెప్పండి, ‘తాగాడు’ అన్నది తర్వాత చెప్పొచ్చు.

మా బావ పూర్తిగా మానేశాడని రాస్తే అబద్ధం అవుతుంది. ఇప్పుడు ముందు అన్నం తింటున్నాడు, పరిమాణం తగ్గించాడు. తాగొచ్చిన రాత్రి ఎంత తిట్టుకున్నా సరే, పడుకునే ముందు అక్క ఆయన వేలు గుచ్చుతుంది. వంద లోపు ఉంటే రెండు ఇడ్లీలో, పాలలో బ్రెడ్డో పెట్టి, మూడింటికి అలారం పెట్టుకుని మళ్లీ గుచ్చుతుంది.

— మందుల షాపు యజమాని, ఇచ్ఛాపురం మండలం