కిస్తీల మీద కొన్న సరుకు వెనక్కి ఇచ్చినప్పుడు డబ్బు ఎటు వెళ్తుంది: బరంపురం మా కొట్టు కస్టమర్లకు

"ఫ్రిజ్ వెనక్కి తీసుకెళ్ళిపోయారు కదా బాబూ, మరి ఈ నెల కూడా మూడు వేలు ఎందుకు కట్ అయ్యాయి?"

ఎందుకంటే ఫ్రిజ్ మాది, అప్పు మాది కాదు. బిల్లు మీకూ మాకూ మధ్య ఉంటుంది, అప్పు మీకూ ఫైనాన్స్ కంపెనీకీ మధ్య ఉంటుంది. సరుకు మా గోడౌన్‌కు చేరగానే మొదటిది ముగుస్తుంది కానీ రెండోది దానంతట అది ఆగదు. దాన్ని విడిగా రద్దు చేయించాలి. అది చేయించే పని మాదే, కానీ అందులో మీరు చూసుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. పండగ అమ్మకాల తర్వాత ఇలాంటి ఫోన్లు చాలా వస్తున్నాయి కాబట్టి లెక్కంతా ఒకసారి విప్పి చెబుతున్నాను.

30,000 రూపాయల ఫ్రిజ్‌నే తీసుకుందాం. పది కిస్తీలు, నెలకు 3,000, రెండు కిస్తీలు ముందే కట్టాలి. అంటే కొన్న రోజున మీరు మా కౌంటర్‌లో 6,000 ఇచ్చారు. మిగతా 24,000 ఎనిమిది నెలల్లో మీ ఖాతా నుంచి ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళాలి. "వడ్డీ లేదు" అని బోర్డు పెట్టాం కదా, మరి వాళ్ళకు మిగిలేదేంటి? ఆ కంపెనీ మాకు 24,000 పంపదు. 1,200 పట్టుకుని 22,800 పంపుతుంది. ఆ 1,200 వడ్డీయే. దాన్ని మీ బదులు మేమో, ఫ్రిజ్ తయారీదారో భరిస్తాం. లెక్క కడితే ఏడాదికి సుమారు 14 శాతం పడుతుంది. రిజర్వ్ బ్యాంకు 2013లోనే అసలు సున్నా వడ్డీ అనేది ఉండదని బ్యాంకులకు చెప్పింది. ఎవరో ఒకరి జేబులోంచి వడ్డీ వెళ్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఫ్రిజ్ చల్లబడటం లేదు, కంపెనీ టెక్నీషియన్ వచ్చి చూసి లోపం ఉందని రాసిచ్చాడు, మేం వెనక్కి తీసుకున్నాం. ముందుగా పాత బిల్లు నంబర్ వేసి, సరుకు వెనక్కి తీసుకున్నట్టు చూపే క్రెడిట్ నోట్ ఇస్తాం. దాన్ని జతచేసి ఫైనాన్స్ కంపెనీకి లోన్ రద్దు చేయమని పంపుతాం. మాకు వచ్చిన 22,800 తిరిగి కడతాం. అది వాళ్ళ లెక్కలో పడ్డాక లోన్ రద్దవుతుంది. కౌంటర్‌లో మీరిచ్చిన 6,000 మేమే ఇస్తాం. ఈలోపు మీ ఖాతా నుంచి పోయిన కిస్తీ మాత్రం ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఉంటుంది, అది మీ ఖాతాకు వాళ్ళే వెయ్యాలి. అందుకే ఆ మూడు వేలు మమ్మల్ని అడిగితే మా దగ్గర ఉండవు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ మాత్రం మామూలుగా తిరిగి రావు. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది, న్యాయమైన కోపమే. కానీ ఆ ఫీజు మేం తీసుకునేది కాదు.

కొందరు "ఫైనాన్స్ సంగతి వదిలెయ్యండి, ముప్పై వేలూ మా చేతికి ఇచ్చేయండి, కిస్తీలు మేం కట్టుకుంటాం" అంటారు. ఇది మేం చెయ్యం. ఫ్రిజ్ కొనడానికని ఇచ్చిన అప్పును చేతి డబ్బుగా మార్చడమే అది. ఒప్పందం ఒప్పుకోదు, రేపు ఏదైనా తగాదా వస్తే మీకూ మాకూ ఇద్దరికీ ముప్పే. అదే ధరలో ఇంకో ఫ్రిజ్ మార్చుకుంటే మాత్రం లోన్ అలాగే నడుస్తుంది. కొత్త సీరియల్ నంబర్‌తో బిల్లు వాళ్ళకు పంపితే చాలు.

గడిచిన రోజుల వడ్డీ సంగతి. లోన్ మొదలై పదిహేను రోజులకు రద్దయితే 22,800 మీద ఆ రోజుల వడ్డీ సుమారు 130 రూపాయలు. కొన్ని కంపెనీలు వదిలేస్తాయి, కొన్ని అడుగుతాయి. ఇకనుంచి మా పద్ధతి ఇది: సరుకులో లోపం వల్ల తిరిగి వస్తే ఆ వడ్డీ మాది. రంగు నచ్చలేదు, గుమ్మంలో పట్టలేదు అని వెనక్కి ఇస్తే మీది.

యాప్‌లో తీసుకున్న లోన్లకు "కూలింగ్ ఆఫ్" గడువు కూడా ఉంటుంది, కనీసం ఒక రోజు. దాన్ని సరుకు వాపసు అనుకుని పొరబడేవాళ్ళున్నారు. ఆ గడువులో మీరు అసలూ, గడిచిన రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా అప్పులోంచి బయటపడొచ్చు, అంతే. ఫ్రిజ్ మీ ఇంట్లోనే ఉంటుంది. అది మళ్ళీ మా దగ్గరికి రావాలంటే మా వాపసు షరతులే వర్తిస్తాయి.

అన్నిటికన్నా నష్టం ఇక్కడ జరుగుతుంది. ఫ్రిజ్ ఇచ్చేశాం కదా అని ఖాతా ఖాళీ చేస్తారు, లేదా బ్యాంకుకు వెళ్ళి ఆటో డెబిట్ ఆపించేస్తారు. లోన్ ఇంకా రద్దు కాలేదు కాబట్టి కిస్తీ బౌన్స్ అవుతుంది. ఫైనాన్స్ కంపెనీ ఒక జరిమానా, మీ బ్యాంకు ఇంకో జరిమానా వేస్తాయి, పైగా మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్ట్‌లో ఆలస్యం నమోదవుతుంది. లోన్ రద్దయినట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా ఒక కిస్తీకి సరిపడా డబ్బు ఖాతాలో ఉంచండి. ఎక్కువగా పోయినది వాపసు వస్తుంది, బౌన్స్ మచ్చ మాత్రం అంత తేలిగ్గా పోదు.

క్రెడిట్ కార్డు మీద కిస్తీలు పెట్టుకున్నవాళ్ళకు దారి వేరు. అదే రోజు లెక్క ముగియకముందే వస్తే మా మెషీన్‌లోనే లావాదేవీ రద్దు చేస్తాం, అక్కడితో అయిపోతుంది. తర్వాతైతే రిఫండ్ మీ కార్డు ఖాతాలో పడుతుంది, కానీ కిస్తీల ప్లాన్ కొన్ని బ్యాంకుల్లో దానంతట ఆగదు. మీరే బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎంఐ రద్దు చెయ్యమని అడగాలి. కార్డు కిస్తీల వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అప్పటిదాకా కట్టిన వడ్డీ, ఆ జీఎస్టీ తిరిగొస్తాయని లెక్క వేసుకోకండి.

మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. ఫైనాన్స్ కుర్రాళ్ళు ఒడియాలో గబగబా చెప్పి, ఇంగ్లీషు కాగితం మీద ఓటీపీ అడుగుతారు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మొత్తం వార్షిక ఖర్చు, ఫీజులు అన్నీ అందులోనే ఉంటాయి. ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్ళైనా, ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగువాళ్ళైనా, తెలుగులో ఇవ్వమని ఓటీపీ చెప్పకముందే అడగండి. మా కౌంటర్ దగ్గర మొహమాటపడి ఊరుకోవద్దు.

రద్దు జరగకపోతే ముందు ఫైనాన్స్ కంపెనీకి రాతలో ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చెయ్యొచ్చు, ఖర్చేమీ లేదు. సిబిల్‌లో తప్పు పడితే విడిగా సరిచేయమని అడగాలి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం ఉంది.

ఈ నెల నుంచి కిస్తీల సరుకు వెనక్కి తీసుకున్న రోజే క్రెడిట్ నోట్, రద్దు అభ్యర్థన నంబర్, మేం 22,800 లాంటి మొత్తం తిరిగి కట్టిన రసీదు మీ వాట్సాప్‌కు పంపుతాం. మూడూ రాకపోతే వచ్చి అడగండి. లోన్ క్లోజ్ అయిన లెటర్ మాత్రం ఫైనాన్స్ కంపెనీ నుంచి మీరే తీసుకోవాలి, అది మా చేతికి ఇవ్వరు.