బుజ్జిగాడి టాబ్లెట్ గురించి చెల్లికి

ప్రియమైన చెల్లీ,

పిల్లలు తెర చూసే సమయానికి హద్దు పెట్టే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో బుజ్జిగాడికి రోజుకి గంట పెట్టావు. రిపోర్టులో 40 నిమిషాలే కనిపిస్తోంది. వాడు మాత్రం మధ్యాహ్నం నుంచీ టాబ్లెట్ వదలలేదని రాశావు. యాప్ లెక్క తప్పడం లేదే. అది వాడి అకౌంట్‌లో గడిచిన సమయాన్నే లెక్కపెడుతుంది. అదే టాబ్లెట్‌లో మన నాన్న ప్రొఫైల్ తెరిచి ఉండగా వాడు చూసిందంతా ఆ లెక్కలోకి రాదు. రిపోర్టుకీ కళ్ళ ముందున్నదానికీ పొంతన లేదంటే, ముందు వేరే ప్రొఫైల్ తెరిచి ఉందేమోనని చూడాలి.

నాన్న ప్రొఫైల్‌కి తాళం లేదు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. ముందు దానికి పిన్ పెట్టించు. ప్యాటర్న్ వద్దు, పక్కన కూర్చున్న పిల్లాడు వేలి కదలిక చూసి పట్టేస్తాడు. స్క్రీన్ 30 సెకన్లలో ఆరిపోయి, వెంటనే లాక్ అయ్యేలా పెట్టు. నాన్నకి వేలిముద్రతో తెరుచుకునేలా చేస్తే ఆయనకీ విసుగుండదు. తర్వాత సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు పెట్టెలో Users అని కొట్టు. అక్కడ గెస్ట్ ప్రొఫైల్ కనిపిస్తే తీసెయ్, లాక్ స్క్రీన్ నుంచి కొత్త యూజర్‌ని చేర్చే వీలుంటే ఆపెయ్. అదీ తెరిచి వదిలేసిన తలుపే. వాడి చేతికి ఇచ్చేముందు వాడి ప్రొఫైల్‌కి మార్చి ఇవ్వడం మాత్రం అమ్మానాన్నలిద్దరికీ అలవాటు కావాలి, ఆ పని ఏ యాప్ చెయ్యదు.

గంట అయిపోగానే ఏడుస్తున్నాడన్నావు. టైం దగ్గరపడుతోందని ముందే హెచ్చరిక వస్తుంది గానీ, నాలుగేళ్ళవాడు అది చదవలేడు కదా. వాడికి తెలిసేది బొమ్మల కథ మధ్యలో ఆగిపోవడమే. అందుకని యూట్యూబ్ కిడ్స్‌లో ఆటోప్లే ఆపి, నువ్వు ఎంచిన వీడియోలే కనిపించేలా పెట్టు, అప్పుడు వెతకడమూ ఉండదు. కథ పూర్తయ్యాక తెర దానంతటదే ఆగుతుంది, అప్పుడు పక్కకి తీసుకోవడం తేలిక. ఎప్పుడైనా కాస్త ఎక్కువసేపు ఇవ్వాల్సొస్తే రోజు పరిమితిని మార్చకు, ఆ ఒక్క రోజుకే అదనపు సమయం ఇవ్వొచ్చు. లేదంటే నీ ఫోన్‌లో పేరెంట్ కోడ్ చూసి టాబ్లెట్‌లో కొట్టు. ఆ కోడ్ కాసేపటికి మారిపోతుంది గనుక వాడు చూసినా భయం లేదు.

గంట ఎక్కువేమోనని అడిగావు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి కూర్చుని తెర చూసే సమయం రోజుకి గంట దాటకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాబట్టి గంటని పై హద్దు అనుకో. రోజూ ఇచ్చి తీరాల్సిన వాటా కాదు.

ఇవన్నీ ఇక్కణ్ణుంచి నేనే పెట్టేసేదాన్ని గానీ, గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో చేరాలంటే అందరూ ఒకే దేశంలో ఉండాలి. నువ్వే చెయ్యాలి. పిన్ పెట్టాక ఒక వారం ఆగి రిపోర్టు చూసి, నిజంగా ఎంత తేలిందో రాయి.

నీ అక్క