తొమ్మిదో తరగతిలో చీటీ తీసి ఒక్క నిమిషం: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుంచి తొమ్మిదో తరగతికి శనివారం ఒక పీరియడ్ మాట్లాడే పాఠానికి కేటాయించాం. పిల్లలు చీటీ తీస్తారు, అరనిమిషం ఆలోచించుకుంటారు, ఒక నిమిషం మాట్లాడతారు. విన్నవాళ్లు ఒక చిన్న కాగితం నింపి మాట్లాడినవాళ్లకే ఇస్తారు. ఈ పాఠం గురించి మీలో కొందరు ఇప్పటికే నన్ను అడిగారు. ఎక్కువమంది అడిగినవి రెండే ప్రశ్నలు: దీనికి మార్కులెన్ని, ఇది ఇంగ్లిషులోనే కదా అని. మార్కులు లేవు. భాష సంగతి కింద చెబుతాను.

ముందుగా లెక్క చూడండి. తరగతిలో 36 మంది ఉన్నారు, పీరియడ్ 40 నిమిషాలు. ఒక్కొక్కరినీ బల్ల ముందుకు పిలిస్తే, లేచి రావడం, వెళ్లి కూర్చోవడం కలుపుకుని రెండు పీరియడ్లు పట్టినా అందరి వంతూ పూర్తికాదు. పైగా ఒకరు మాట్లాడుతుంటే మిగతా 35 మంది ఊరికే కూర్చుంటారు. అందుకే నలుగురేసి చొప్పున తొమ్మిది జట్లు చేశాం. ఒకరు మాట్లాడతారు, ముగ్గురు వింటారు. తొమ్మిది జట్లలోనూ ఒకేసారి మాటలు మొదలవుతాయి కాబట్టి గది సంతలా ఉంటుంది. పక్క తరగతికి ఇబ్బంది కలగకుండా సగం జట్లను వరండాలోకి పంపుతున్నాం. ఈ గోల వల్ల ఒక మేలుంది. పక్క జట్టువాళ్లు తన మాట వింటారన్న బెంగ ఉండదు, తన ముగ్గురికీ వినపడాలంటే గొంతు దానంతట అదే పెరుగుతుంది.

టీచర్ మొదటి ఏడు నిమిషాల్లో తానే ఒక చీటీ తీసి మాట్లాడి చూపిస్తారు. తరవాత ఒక్కొక్కరి వంతుకు నాలుగు నిమిషాలు: చీటీ తీసి ఆలోచించడానికి అరనిమిషం, మాటకు ఒకటి, కాగితం నింపడానికి ఒకటి, మిగిలిన సమయం ఆ కాగితాలు చదువుకోవడానికి. నలుగురి వంతు 16 నిమిషాల్లో పూర్తవుతుంది. ఆ తరవాత జట్లు మారతాయి. కొత్త ముగ్గురి ముందు అదే విషయం మళ్లీ మాట్లాడాలి. పాఠమంతటిలో అసలు నేర్చుకునేది ఈ రెండోసారే అని నా అభిప్రాయం. కొత్త చీటీ ఇస్తే మొదటిసారి చేసిన తడబాటే మళ్లీ చేస్తారు. అదే విషయమైతే ఏం చెప్పాలో తెలుసు కాబట్టి ఎలా చెప్పాలన్నది ఆలోచించే తీరిక దొరుకుతుంది.

అరనిమిషంలో ఏం చేయాలో కూడా నేర్పాలి. వదిలేస్తే పిల్లలు మొదటి వాక్యాన్ని మనసులో రాసుకోవడం మొదలుపెడతారు, ఆ వాక్యం అయిపోగానే ఆగిపోతారు. మేం చెప్పేది ఇది: కాగితం మీద మూడు మాటలే రాసుకో, వాక్యం రాయకు. మొదటి మాట నువ్వేం అనుకుంటున్నావో దానికి, రెండోది ఎందుకో దానికి, మూడోది నువ్వు చూసిన ఒక ఉదాహరణకు. చివర మొదటి మాటనే మళ్లీ చెప్పి ముగించు. మధ్యలో దారి తప్పినా కాగితం మీది మూడో మాట చూసి తిరిగి రావచ్చు.

చీటీల మీద ఏం రాయాలన్నదానికే ఎక్కువ చర్చ జరిగింది. ‘పర్యావరణ పరిరక్షణ’ అని రాస్తే ఆరో తరగతిలో బట్టీపట్టిన వ్యాసం బయటికి వస్తుంది. ‘నా జీవితంలో మరచిపోలేని రోజు’ అంటే కొందరికి సంతోషమే, కానీ ఆ ఏడాదే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్న పిల్లకు అరనిమిషంలో ఏం చెప్పాలో తోచదు. సెలవులకు ఎక్కడికి వెళ్లావు, నాన్నగారు ఏం చేస్తారు వంటివి డబ్బున్న ఇంటినీ లేని ఇంటినీ అందరి ముందు వేరుచేస్తాయి. అందుకే ఇలాంటివి పెట్టాం: ‘మీ వీధిలో ఒక్కటి మార్చమంటే ఏం మారుస్తావు?’, ‘సైకిల్ నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట ఏం చెప్పాలి?’, ‘మీ ఇంట్లో పనికిరాకపోయినా పారేయని వస్తువు ఒకటి’, ‘బడిగంట అరగంట ముందు మోగితే మంచిదా, ఆలస్యంగా మోగితే మంచిదా?’ ఒక్కొక్కరూ రెండు చీటీలు తీసి నచ్చిన ఒకటి ఉంచుకుంటారు.

ఇక కాగితం. అందులో మూడే వరుసలున్నాయి.

నువ్వు చెప్పిన ముఖ్యమైన సంగతి, నాకు అర్థమైనంతలో:
నాకు గుర్తుండిపోయిన ఒక మాట లేదా ఉదాహరణ:
రెండోసారి చెప్పేటప్పుడు ఒక్కటి మార్చాలంటే:

కింద విన్నవాళ్ల పేరు ఉంటుంది. పేరు లేకుండా రాయిస్తే పద్నాలుగేళ్ల వయసులో వెటకారం రావడానికి ఎంతోసేపు పట్టదు. చూపు, గొంతు, నిలబడే తీరు, చేతులు అంటూ పది గడులు పెట్టి ఒక్కోదానికి అయిదులో ఇన్ని అని వేయించే కాగితాలు చాలాచోట్ల వాడుకలో ఉన్నాయి. అవి వద్దనుకున్నాం. ఒక నిమిషంలో పది గడులు నింపే పిల్లలు మాట వినరు, గడులే చూస్తారు. పైగా స్నేహితులకు అయిదుకు అయిదు పడతాయి. అయిదులో మూడు వచ్చినవాడికి తరవాత ఏం చేయాలో ఆ మూడు చెప్పదు.

మొదటి వరుస విలువ ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక అమ్మాయికి వీధి చీటీ వచ్చింది. చెత్తబండి రోజు విడిచి రోజు వస్తుందని మొదలుపెట్టింది, కుక్కలు సంచులు చింపుతాయంది, తమ్ముణ్ణి ఒకసారి కుక్క తరిమిందని చెప్పింది, మురుగుకాలువ మీద మూతలు లేవంది. నిమిషం అయిపోయింది. తడుముకోకుండా మాట్లాడింది కాబట్టి మార్కులు వేసే కాగితమైతే నిండుగా పడేవి. కానీ మొదటి వరుసలో ఒకరు ‘చెత్త తీయడం లేదు’ అనీ, ఒకరు ‘కుక్కల బెడద’ అనీ, మూడో వారు ‘మీ వీధిలో అన్నీ సమస్యలే’ అనీ రాశారు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. ఎవరూ తప్పు పట్టలేదు, అయినా సంగతి తనకే అర్థమైంది. మూడో వరుసలో ఒకరు ‘తమ్ముడి సంగతి ముందు చెప్పు’ అని రాశారు. రెండోసారి తమ్ముణ్ణి కుక్క తరమడంతో మొదలుపెట్టి, కుక్కలు చేరేది చెత్త కోసమేననీ, బండి రోజూ వస్తే అవి రావనీ చెప్పింది. కాలువ మూతల మాట ఎత్తలేదు. ఈసారి ముగ్గురూ రాసింది ఒకటే: చెత్తబండి రోజూ రావాలి.

కాగితం చెడిపోయే దారులూ ఉన్నాయి. అన్నిటి మీదా ‘చాలా బాగుంది’, ‘ఇంకా గట్టిగా మాట్లాడు’ అని ఉంటే ఆ జట్టులో ఎవరూ వినలేదని అర్థం. రెండో వరుసలో మాట్లాడినవాళ్లు అన్న మాట యథాతథంగా ఉందా లేదా అని చూస్తే చాలు, విన్నారో లేదో తెలిసిపోతుంది. టీచర్ పీరియడ్ తరవాత కాగితాలు తిరగేసేది ఇందుకే, దిద్దడానికి కాదు. మూడో వరుసలో మనిషి గురించి రాయకూడదు, మాట గురించే రాయాలి. ‘నువ్వు భయపడతావు’ అన్నది చెల్లదు, ‘ముగింపు వినపడలేదు’ అన్నది చెల్లుతుంది. నత్తి ఉన్న పిల్లలకు సమయపు గంట లేదు. ఎవరి ముందు, ఎప్పుడు మాట్లాడాలన్నది వాళ్ల ఇష్టం.

‘అంటే’, ‘అదీ’ అని ఎన్నిసార్లు అన్నారో ఎందుకు లెక్కపెట్టించరని ఒక తండ్రి అడిగారు. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ సభల్లో ఇలా అప్పటికప్పుడు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే పద్ధతి ఉంది, అలాంటి ఊతపదాలు లెక్కపెట్టడానికి ఒక మనిషీ ఉంటాడు. అక్కడికి వచ్చేది ఇష్టపడి చేరిన పెద్దలు. మా పిల్లలు టైంటేబుల్‌లో ఉంది కాబట్టి వచ్చినవాళ్లు. లెక్కపెడుతున్నారని తెలిస్తే వాళ్లు ‘అంటే’ మానరు, మాటే మానేస్తారు.

మధ్యలో ఆగిపోయేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఇరవై సెకన్లకు ఆగితే వినేవాళ్లలో ఒకరు ‘ఉదాహరణకు?’ అని ఒక్క మాట అడగవచ్చు. చాలామందికి అది సరిపోతుంది. సరిపోకపోతే అక్కడితో కూర్చోవచ్చు. నిమిషం అన్నది గరిష్ఠం, కనీసం కాదు.

భయం గురించి ఒక సంగతి టీచర్ ముందుగానే చెబుతారు. మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎదుటివాళ్లకు స్పష్టంగా కనిపిస్తోందనుకుంటారు, నిజానికి అది అంతగా కనిపించదు. 2003లో కెనెత్ సావిట్‌స్కీ, టామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు మెరుగ్గా మాట్లాడారు కూడా. మా పిల్లలు దీన్ని కాగితాల్లో తామే సరిచూసుకుంటున్నారు. గుండె దడదడలాడిందని చెప్పినవాళ్ల కాగితాల్లో చెత్తబండి గురించే ఉంటుంది, దడ గురించి ఉండదు.

ఇప్పుడు భాష. మొదటి కొన్ని వారాలు ఇంట్లో మాట్లాడే భాషే. తెలుగు కావచ్చు, ఉర్దూ కావచ్చు, అందరికీ అర్థమైతే చాలు. ఆలోచన, మాట రెండూ ఒకేసారి వెతుక్కోవలసి వస్తే పద్నాలుగేళ్లవాళ్లు బట్టీపట్టిన ఇంగ్లిషు వాక్యాల్లో దాక్కుంటారు. తరవాత అవే చీటీలతో రెండోసారి మాట్లాడేది ఇంగ్లిషులో ఉంటుంది. అప్పటికి చెప్పాల్సింది తెలిసి ఉంటుంది కాబట్టి వెతుక్కోవలసింది మాటలే.

ఈ పాఠం మైకు ముందు పది నిమిషాలు ప్రసంగించడం నేర్పదు. ఆగస్టు పదిహేను ఉపన్యాసానికి వేరే తయారీ కావాలి, దానికి వేరుగా సమయం ఇస్తాం.

ఇంట్లో మీరు చేయగలిగింది కొంచెమే. కాగితాలు పిల్లలవి. వాళ్ల నోటుపుస్తకంలో ఉంటాయి. వాళ్లు చూపిస్తే చూడండి, అడిగి తీసుకోవద్దు. బంధువుల ముందు నిలబెట్టి మాట్లాడించవద్దు, ఫోనులో వీడియో తీయవద్దు. రాత్రి భోజనాల దగ్గర వాళ్లు ఏదైనా చెబితే ఉచ్చారణ సరిచేయకుండా ‘నువ్వనేది ఇదా?’ అని మీకు అర్థమైంది ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి. కాదంటే వాళ్లే మళ్లీ చెబుతారు.

మరొకటి: చీటీలు అయిపోవస్తున్నాయి. మీకు తోచిన ప్రశ్న ఒకటి రెండు రాసి వచ్చే శుక్రవారంలోగా డైరీలో పెట్టి పంపండి. ఊరు దాటని పిల్లలూ జవాబు చెప్పగలగాలి, జవాబుకు అవునో కాదో సరిపోకూడదు, ఇంటి గుట్టు బయటపడకూడదు. పిల్లలకు ముందుగా చూపించకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు