శీనుకి, ఇంటి క్యాలెండర్ గురించి

హైదరాబాద్,
11 అక్టోబరు 2026

ఒరేయ్ శీనూ,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వింటే జాలేసిందిరా. అత్తమ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్ జనవరి 4న పెట్టించావు, 12న అందరూ సంక్రాంతికి కాకినాడ బయల్దేరాలనుకున్నారు, ఈ రెండూ పక్కపక్కనే ఉన్న సంగతి మీ ఆవిడ చెప్తే గానీ నీకు తట్టలేదు. "మీ ఇంట్లో ఇవన్నీ ఎలా చూసుకుంటున్నారు?" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పిల్లలకి దసరా సెలవులు, ఇంట్లో వాళ్ల గోల ఉంది. మధ్యలో ఎక్కడైనా తెగితే సర్దుకో.

మేము ఈ పద్ధతిలోకి వచ్చింది నాన్న తద్దినం దగ్గర దెబ్బ తిన్నాక. నాన్న పోయింది 2023 డిసెంబరులో, కార్తీక బహుళ సప్తమి. సంవత్సరీకం 2024 నవంబరు 22న పెట్టాం. అదే రోజు సాయంత్రం నేను ఫోన్‌లోని క్యాలెండర్‌లో "నాన్న తిథి" అని రాసి, ప్రతి ఏడాదీ తిరిగి వచ్చేలా పెట్టేశాను. ఇక ఎప్పటికీ మర్చిపోనని ధైర్యం. కిందటేడు నవంబరు 8, శనివారం రాత్రి మా పురోహితుడుగారు ఫోన్ చేసి, "మంగళవారం నాన్నగారి తిథి కదా బాబూ, ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు. నా ఫోన్‌లో చూస్తే ఇంకా రెండు వారాలుంది! ఆ మంగళవారం నేను ఆఫీసు పని మీద బెంగళూరులో ఉండాలి. అమ్మకి షుగర్ డాక్టరు దగ్గర పదకొండు గంటలకి రివ్యూ. చిన్నదానికి స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్, తల్లిదండ్రుల్లో ఒకరు తప్పకుండా రావాలన్నారు. నేను ప్రయాణం మానుకున్నాను, అమ్మ రివ్యూ మూడు వారాలు వెనక్కి పోయింది, పిల్ల ఎగ్జిబిషన్‌కి పక్కింటి పిన్నిగారు వెళ్లారు. పిల్ల ఆ రోజంతా ముభావంగా ఉంది. అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

తప్పు ఎక్కడుందో తర్వాత అర్థమైంది. మన తిథులు చంద్రుడి లెక్క. ఆ ఏడాది సుమారు 354 రోజులే, అందుకని ఇంగ్లీషు తేదీతో చూస్తే ప్రతి ఏడాదీ దాదాపు పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2024లో 22న వచ్చిన తిథి 2025లో 11న వచ్చింది కదా, అదే కారణం. మళ్లీ అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా వెనక్కి వెళ్తుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది, అందుకే కిందటేడు ఆగస్టు 27న చేసుకున్న వినాయక చవితి ఈసారి సెప్టెంబరు 14కి వచ్చింది. నాన్న తిథి కూడా నవంబరు నెలాఖరుకి పోయింది. కాబట్టి తిథి ప్రకారం జరిగే దేనికీ "ఏటా" అనే గుర్తు పెట్టకు. పుట్టినరోజులకి, పెళ్లిరోజులకి పెట్టుకో, అంతే.

గోడ మీది క్యాలెండర్ చూసి రాసుకున్నా ఒక్కోసారి తప్పుతుంది. అందులో ముందు కనబడేది సూర్యోదయానికి ఉన్న తిథి, పక్కన అది ఎప్పటిదాకా ఉందో సమయం. తద్దినానికి చూసేది అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి. ఈ రెండూ ఒక్కోసారి వేర్వేరు రోజులవుతాయి. మేమిప్పుడు ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పురోహితుడుగారిని కూర్చోబెట్టి ఆ ఏడాది తిథులన్నీ అడిగి రాసుకుంటున్నాం. అరగంట పని.

ఇంక ఫోన్ సంగతి. గూగుల్ క్యాలెండర్‌లో "ఇల్లు" అని విడిగా ఒక క్యాలెండర్ తయారుచేశాను. నా సొంత క్యాలెండర్ అందరికీ చూపించడం కాదు, అది వేరే. కంప్యూటర్లో తెరిచి, కొత్త క్యాలెండర్ చేసి, దాని `Settings and sharing`లో మా ఆవిడకీ పెద్దాడికీ `Make changes to events` ఇచ్చాను. డల్లాస్‌లో ఉన్న చెల్లికి `See all event details` చాలు. వాళ్లకి మెయిల్ వస్తుంది, అందులోని లింకు నొక్కితేనే వాళ్ల ఫోన్‌లో కనబడుతుంది. మా ఆవిడ వారం రోజులు ఆ మెయిల్ చూడలేదు, నేనేమో అన్నీ తనకి కనబడుతున్నాయనుకున్నాను. నువ్వు మాత్రం పక్కన కూర్చుని నొక్కించు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ క్యాలెండర్‌కి నువ్వు పెట్టుకున్న అలారం నీ ఫోన్‌లోనే మోగుతుంది, మీ ఆవిడ ఫోన్‌లో మోగదు. రాసిన విషయం అందరికీ కనబడుతుంది గానీ, గుర్తుచేయడం ఎవరికి వారు పెట్టుకోవాల్సిందే. "నీకు రాలేదా? నాకొచ్చిందే!" అనే గొడవలకి మూలం ఇదేరా. ఒకసారి అందరి ఫోన్లలోనూ ముందు రోజు రాత్రి 8కి ఒకటి, వారం ముందు ఒకటి మోగేలా పెట్టించు.

చెల్లి విషయంలో ఒక చిక్కొచ్చింది. తద్దినం రోజంతా ఉండే ఈవెంట్‌గా రాశాను, అది తనకీ నవంబరు 11 అనే చూపించింది. కానీ ఇక్కడ 11వ తేదీ పొద్దున పదకొండంటే అక్కడ 10వ తేదీ రాత్రి పదకొండున్నర. వీడియోలో చూడాలనుకున్న పిల్ల మరునాటి రాత్రికి సిద్ధమైంది. ఇప్పుడు ఆ రోజుకి రోజంతా ఉండేది ఒకటి, పదకొండు గంటలకని సమయంతో ఒకటి, రెండూ రాస్తున్నాం. సమయంతో రాస్తే తన ఫోన్ తన ఊరి టైముకి మార్చి చూపిస్తుంది.

ఇక నీకు నిజంగా పనికొచ్చేది చెప్తాను. ఒక పని జరిగే రోజు రాస్తే సరిపోదురా, దాని ముందూ వెనకా రోజులు కూడా రాయాలి. తద్దినం చూడు. పెట్టేవాడికి ముందు రోజు ఒంటిపూట భోజనం, అంటే ఆ రాత్రి ఎవరింటికీ విందుకి వెళ్లకూడదు. ఆ రోజు భోక్తలు తిన్నాకే ఇంట్లోవాళ్లు తినేది, రెండు దాటిపోతుంది. అమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంది కదా, వేళకి తినకపోతే షుగర్ పడిపోతుంది. ఆ రోజు పొద్దునే పరగడుపు రక్తపరీక్ష కూడా పెడితే ఇంకేమైనా ఉందా? అందుకే అమ్మ పరీక్షలు తద్దినానికి కనీసం వారం అటూ ఇటూ ఉండేలా చూస్తాం. ఆ రోజు అమ్మ ఎప్పుడేం తినాలో ముందే డాక్టరుని అడిగి అదే ఈవెంట్‌లో కింద రాసిపెడతాను.

ప్రయాణాలూ అంతే. రైలు టికెట్ ప్రయాణం రోజు వదిలేసి 60 రోజుల ముందు పొద్దున 8కి తెరుస్తారు. జనవరి 12 ప్రయాణమైతే నవంబరు 13న. సంక్రాంతి టికెట్లు ఎంతసేపుంటాయో నీకు తెలుసు. కానీ గూగుల్ క్యాలెండర్‌లో గుర్తుచేయడం నాలుగు వారాల కంటే ముందుకి పెట్టలేం. జనవరి 12 మీద ఎన్ని అలారాలు పెట్టినా నవంబరులో మోగదు. కాబట్టి "కాకినాడ టికెట్ బుకింగ్" అని నవంబరు 13న వేరే ఈవెంట్ రాయి. తిరుగు ప్రయాణం 18న అయితే దాని బుకింగ్ నవంబరు 19న, అదింకోటి.

స్కూలు తేదీలు జూన్‌లో డైరీ ఇవ్వగానే ఎక్కిస్తాం గానీ, అవి మారుతూనే ఉంటాయి. వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చేదాకా పేరు చివర ఒక ప్రశ్నార్థకం పెడతాం, వచ్చాక తీసేస్తాం. ఆ గుర్తున్న రోజున ఇంకేదైనా పెట్టాలంటే ముందు స్కూలుకి ఫోన్ చేసి అడుగుతాం.

ఇప్పుడు అత్తమ్మ ఆపరేషన్‌కి వద్దాం. మీ డాక్టరు చెప్పేదే ఆఖరి మాట, నేను మా అమ్మకి చేయించినప్పటి అనుభవంతో చెప్తున్నాను. మర్నాడు చూపించాలి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి చూపించాలి. నాలుగు వారాల పైనే చుక్కలు, మొదట్లో రోజుకి నాలుగైదు సార్లు. కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడకూడదు, తలంటు లేదు, పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండాలి. జనవరి 4న చేయిస్తే పది రోజులకి భోగి. మంటలు, తలంటు, నిండా జనం ఉన్న రైలు. అందులో చుక్కలు వేసేదెవరు? నెల రివ్యూ సంగతి సరే, వారం రివ్యూ అయిన మర్నాడే పెట్టె సర్దుకోవాలి.

వెనక నుంచి లెక్కేయి. రైలు 12న. దానికి ముందే నెల రివ్యూ అయిపోవాలంటే అది జనవరి 8 ప్రాంతంలో పడాలి, అంటే ఆపరేషన్ డిసెంబరు 8, మంగళవారం. 9న ఒకసారి, 15న ఒకసారి చూపిస్తారు. దానికి ముందు వారం బీపీ, షుగర్ పరీక్షలు. 8 నుంచి 15 దాకా నువ్వు టూర్లు పెట్టుకోవద్దు, చుక్కలు వేయడానికి ఇంట్లో ఒకరుండాలి. పాప అర్ధ సంవత్సరం పరీక్షలు డిసెంబరులోనే అన్నావు, ఆ తేదీలు ఖాయమయ్యాయేమో రేపే కనుక్కో. అవి ఆ వారంలోనే అయితే డిసెంబరు 1కి జరుపు, మిగతావన్నీ వారం ముందుకి వస్తాయి. రెండో కంటికి కూడా అవసరమంటే అది సంక్రాంతి నుంచి వచ్చాకే.

అత్తమ్మ ఫోన్ చూడదని నాకు తెలుసు, మా అమ్మా అంతే. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చుని, వచ్చే రెండు వారాలవి వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాస్తాం. "ఆ రోజు ఏకాదశిరా, నేను ఉపవాసం, రక్తపరీక్షకి రాను" అని అమ్మ చెప్పేది అప్పుడే. ఫోన్‌లో అది మాకెప్పుడూ దొరికేది కాదు.

ఆపరేషన్ తేదీ మార్చుకున్నాక నాకొక ముక్క రాయి. నవంబరు 13 పొద్దున ఎనిమిదికి పది నిమిషాల ముందే లాగిన్ అయి, అందరి పేర్లూ వయసులూ ఎక్కించి పెట్టుకో. నేనూ ఇక్కణ్ణించి అదే రైలుకి ప్రయత్నిస్తాను, ఎవరికి ముందు దొరికితే వాళ్లది ఉంచుకుని రెండోది ఆపేద్దాం.

అత్తమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రవి