నకిలీ పెయింట్ డబ్బాల ఫిర్యాదులు: తూనికలు కొలతల శాఖ కంట్రోలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ తూనికలు కొలతల శాఖ కంట్రోలర్ గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఇళ్లకు రంగులు వేయించే కాంట్రాక్టరును. నకిలీ పెయింట్ డబ్బాలపై చేసే ఫిర్యాదుకు ఏయే ఫొటోలు జతచేయాలో మీ శాఖ స్పష్టంగా నిర్ణయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అనుమానం వచ్చేసరికి డబ్బా తెరిచి, రంగు తలుపులకు ఎక్కేసి ఉంటుంది కాబట్టి, ఆ తరువాత తీసిన ఫొటోలతో ఏదీ తేలడం లేదు.

ఇటీవల బ్రాడీపేటలో ఒక ఇంటి పనికి రెండు లీటరు ఎనామిల్ డబ్బాలు వచ్చాయి. ఒకటి తెలుపు, ఒకటి బ్రౌన్. తెలుపు డబ్బా మూత అంచు అక్కడక్కడా స్క్రూడ్రైవరుతో ఎత్తినట్టు చొట్టపడి ఉంది, మూత కూర్చునే గాడిలో ఎండిపోయిన ఆకుపచ్చ పెయింటు పొర కనిపించింది. కంపెనీలో తెలుపు నింపిన కొత్త డబ్బా గాడిలోకి ఆకుపచ్చ రావడానికి వీలులేదు. వాడి పారేసిన డబ్బానే మళ్లీ నింపి అమ్మారని ఆ పొరే చెబుతుంది. అయితే చొట్ట ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే దుకాణంలోని టింటింగ్ మెషీన్‌లో రంగు కలిపే బేస్ డబ్బాల మూతను అక్కడే తెరవవలసి రావచ్చు.

రెండు డబ్బాలపైనా బ్యాచ్ నంబరు ఒక్కటే. ఒక బ్యాచ్ అంటే సాధారణంగా ఒకే షేడులో ఒకసారి తయారైన సరుకు కాబట్టి, తెలుపుకూ బ్రౌనుకూ అదే నంబరు ఉండటం గట్టి అనుమానానికి కారణం. కంపెనీలు ఎక్కువగా చిన్న చిన్న ఇంకు చుక్కలతో ముద్రించే ఈ అంకెలు, ఇక్కడ రబ్బరు స్టాంపు వేసినట్టు అంచుల్లో అలుక్కుపోయి ఉన్నాయి. లేబుల్‌పై తయారీదారు చిరునామాలోని సన్నక్షరాల గుండ్రాలు కూడా ఇంకుతో పూడిపోయాయి. అసలు లేబుల్‌ను స్కాన్ చేసి మళ్లీ ముద్రిస్తే ఇలా జరుగుతుంది.

లేబుల్ రంగును పోల్చడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. సెల్‌ఫోన్ కెమెరా వెలుతురును బట్టి రంగును తనంతట తానే మార్చేస్తుంది కాబట్టి, వేరువేరు ఫొటోల్లోని రంగులను పోల్చడం నిరర్థకం. అనుమానిత డబ్బాను, నమ్మకమైన చోట కొన్న అదే సరుకు డబ్బాను పక్కపక్కన పెట్టి, వెనుక తెల్ల కాగితం ఉంచి, నీడపట్టున ఫ్లాష్ లేకుండా ఒకే ఫొటోలో తీయాలి. అప్పుడు కనిపించే తేడా కూడా ఎండకు వెలిసిపోవడం వల్లనో, కంపెనీ లేబుల్ మార్చడం వల్లనో కావచ్చు. అందుకే దీన్ని మూత, స్టాంపు ఆనవాళ్ల తరువాతే లెక్కలోకి తీసుకోవాలి.

డబ్బా తెరవకముందే మూత అంచు, లేబుల్ అతుకు, బ్యాచ్ స్టాంపు దగ్గరగా కనిపించే ఫొటోలు, ఒకే ఫొటోలో పోలిక, బిల్లు జతచేయమని ఫిర్యాదుదారులకు సూచించండి. ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం తయారీదారు చిరునామా, తయారీ నెల, నికర పరిమాణం, గరిష్ఠ ధర ప్యాకింగ్‌పై ఉండాలి కాబట్టి, మీ ఇన్‌స్పెక్టర్లు ఆ ఫొటోలతోనే తనిఖీ మొదలుపెట్టవచ్చు. లోపలి పెయింటు సంగతి ఫొటో తేల్చలేదు గనుక, తెరవని డబ్బా ఒకటి నమూనాగా తీసుకుని పరీక్షకు పంపే ఏర్పాటు కూడా చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ఒక పెయింటింగ్ కాంట్రాక్టరు,
గుంటూరు.