మా స్పాంజ్ ఫ్రీజర్‌లో ఎందుకుంటుంది, మీ బ్రెడ్ ఫ్రిజ్‌లో ఎందుకుండకూడదు

“మీరు కేకు స్పాంజ్ ముందే చేసి ఫ్రీజర్‌లో పెడతారట, నిజమేనా? మరి మీ బ్రెడ్ నేను ఫ్రిజ్‌లో పెడితే రెండో రోజుకే గట్టిపడిపోతోంది, ఎందుకు?”
– నల్లకుంట నుంచి ఎనిమిదేళ్లుగా మా దగ్గరికి వస్తున్న ఒక అమ్మగారు

నిజమేనండి. శని, ఆదివారాల్లో ఇచ్చే కేకుల్లో చాలావాటికి స్పాంజ్ గురువారమే కాల్చి ఫ్రీజర్‌లో పెడతాం. ఇన్నాళ్లూ ఎవరైనా అడిగితే కౌంటర్ దగ్గర మావాళ్లు “ఇవాళే చేశామండి” అంటూ వచ్చారు. క్రీమ్ పూసేది ఆ రోజే కదా, అది అబద్ధం కాదులే అని నేనూ ఊరుకున్నాను. అలా ఊరుకోవడం తప్పు. ఈ నెల నుంచి డబ్బా మీద స్పాంజ్ కాల్చిన తేదీ, క్రీమ్ పూసిన తేదీ విడివిడిగా రాస్తున్నాం.

మీరు అడిగిన రెండింటికీ మూలం ఒక్కటే. రాత్రి మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి. గిన్నె మీద మూత ఉన్నా, తడి ఎక్కడికీ పోకపోయినా, మెతుకు బిరుసెక్కి ఉంటుంది. ఆవిరి పట్టిస్తే మళ్లీ మెత్తబడుతుంది. బ్రెడ్‌లో జరిగేదీ అదే. మైదాలోని పిండిపదార్థం పొయ్యి వేడికి నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. చల్లారాక అందులోని అణువులు మెల్లగా దగ్గరకు జరిగి, బిగువైన వరుసలు కడతాయి. మనం దాన్నే బ్రెడ్ ఎండిపోయింది అంటాం, కానీ ఎండడం అందులో ఒక భాగం మాత్రమే. గాలి చొరకుండా మూసినా బ్రెడ్ గట్టిపడుతుందనీ, 60 డిగ్రీల దాకా వేడి చేస్తే తిరిగి మెత్తబడుతుందనీ 1852లోనే బుసాంగో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చూపించాడు.

ఈ గట్టిపడడం ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలోనే, అంటే సున్నాకు కొద్దిగా పైన, అన్నిటికంటే వేగంగా సాగుతుంది. వంటింటి గట్టు మీద అంతకంటే నెమ్మది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. అందుకే మేము స్పాంజ్‌ను ఫ్రిజ్‌లో ఒక్క రాత్రి కూడా ఉంచం గానీ, ఫ్రీజర్‌లో రెండు మూడు వారాలు నిశ్చింతగా ఉంచుతాం. అంతకు మించి పెడితే చెడిపోదు, కానీ అంచులు పొడిబారి ఫ్రీజర్ వాసన పడుతుంది. మూడు వారాలు దాటినదాన్ని మేము అమ్మం.

ఫ్రీజర్‌లో పెట్టడం తేలికే. పెట్టే ముందు, తీసిన తర్వాత చేసే పనిలోనే కేకు నిలిచేదీ పాడయ్యేదీ. ఇది మాకు నష్టపోయాకే ఒంటబట్టింది. కిందటి జులైలో ఒక షష్టిపూర్తికి రెండు కిలోల కేకు ఒప్పుకున్నాం. పది అంగుళాల పొరలు మూడు. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. ఆలస్యమవుతోందని పొరలను ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే చుట్టిన ప్లాస్టిక్ విప్పేసి బల్ల మీద పరిచాం. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టే, గాలిలోని తేమంతా స్పాంజ్ మీద నీటి పొరగా చేరింది. తుడిస్తే పోయేది కాదు, అది లోపలికి ఇంకింది. పైన పూసిన క్రీమ్‌కు పట్టు దొరకలేదు. కేకు హాలుకు చేరేసరికి పై పొర ఒక పక్కకు జారి ఉంది. డబ్బు మొత్తం తిరిగిచ్చాం, కానీ పెద్దవాళ్ల ముందు ఆ ఇంటివాళ్లకు కలిగిన ఇబ్బందిని డబ్బు తీర్చదు.

అందుకే ఇప్పుడు చుట్టు విప్పకుండానే బల్ల మీద పెడతాం. అంగుళం మందం పొర గంటన్నర నుంచి రెండు గంటల్లో గది వేడికి వస్తుంది. చెమట అంతా ప్లాస్టిక్ పైనే పడుతుంది, దాన్ని తుడిచి అప్పుడు విప్పుతాం. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడూ అంతే ఓపిక కావాలి. స్పాంజ్ లోపల కొంచెం వెచ్చదనం ఉండగా చుట్టేస్తే ఆ ఆవిరి చుట్టు లోపలే మంచు పొడిగా మారుతుంది, కరిగాక పైభాగం జిగటగా వేలికి అంటుకుంటుంది. జాలీ మీద రెండు గంటలు ఆరనిచ్చి, అడుగు మధ్యలో చెయ్యి ఆనించి చూస్తాం. పైన చల్లగా ఉన్నా అడుగు వెచ్చగా ఉండడం చాలాసార్లు చూశాం. ఫ్యాన్ కింద మాత్రం పెట్టం, అంచులు పెళుసెక్కుతాయి. ఆరాక ఒక్కో పొరను విడిగా, పల్చటి ప్లాస్టిక్‌తో రెండు చుట్లు బిగించి, పైన అల్యూమినియం రేకు చుట్టి, తేదీ రాస్తాం. ఇంట్లో కేకు చేసుకునేవారికీ ఇదే పద్ధతి సరిపోతుంది. పండ్లు, జెల్లీ, తాజా క్రీమ్ వేసిన కేకును మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, కరిగేటప్పుడు నీరు విడుస్తుంది.

క్రీమ్ కేకు ఇంటికి తీసుకెళ్లాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి, ఎందుకంటే అక్కడ పాడయ్యేది క్రీమ్. మూత ఉన్న డబ్బాలో పెట్టి రెండు రోజుల్లో తినేయండి. తినడానికి అరగంట ముందు బయటకు తీస్తే స్పాంజ్ మెత్తగా తగులుతుంది. వెన్నతో చేసిన స్పాంజ్‌కు ఇది మరీ అవసరం. చల్లదనానికి వెన్న గడ్డకట్టి, కేకు బాగున్నా పిడచకట్టినట్టు అనిపిస్తుంది. నూనెతో చేసినదానికి ఆ ఇబ్బంది లేదు.

ఇక మీ బ్రెడ్. ఎండాకాలంలో మూత బిగించిన డబ్బాలో గట్టు మీద రెండు రోజులు ఉంచుకోవచ్చు. వానాకాలంలో మన హైదరాబాద్ గాలికి మూడో రోజే బూజు కనబడుతుంది, మేము బూజు ఆపే మందులేవీ కలపం. మచ్చ ఒక్క ముక్క మీదే కనబడినా మొత్తం పారేయండి, దాని దారాలు లోపలికి ఎంత దూరం పాకాయో కంటికి తెలియదు. రెండు రోజుల్లో అయ్యేలా లేదనుకుంటే, కొన్న రోజే ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక పెడితే అదే గట్టిదనం అలాగే నిలుస్తుంది. సంచిలోని గాలి చేత్తో నొక్కి తీసేసి మూతి బిగించండి. కావలసినన్ని ముక్కలు తీసి నేరుగా పెనం మీద, సన్నని మంటపై మూత పెట్టి రెండు వైపులా వేడి చేస్తే చాలు. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లలో పైనుండే మంచు గది అంత చల్లగా ఉండదు కాబట్టి అందులో వారానికి మించి ఉంచవద్దు.

ఇప్పటికే ఫ్రిజ్‌లో బిగుసుకుపోయిన బ్రెడ్ ఉంటే పారేయకండి. పైన నాలుగు చుక్కల నీళ్లు చల్లి, పెనం మీద మూత పెట్టి లోపలి దాకా వేడెక్కనివ్వండి, మెత్తబడుతుంది. వేడి మీదే తినేయాలి, చల్లారితే ముందుకంటే త్వరగా బిగుసుకుంటుంది.

పెద్ద బ్రెడ్ ఇద్దరే ఉన్న ఇంట్లో రెండు రోజుల్లో అవ్వదని చాలామంది చెప్పారు. సోమవారం నుంచి సగం బ్రెడ్‌ను కూడా ముక్కలు కోసి, ఫ్రీజర్‌కు పనికొచ్చే మందపాటి సంచిలో ఇస్తున్నాం. ధర సరిగ్గా సగమే.